9:15కి మళ్లీ సున్నా నుంచి

వాల్యూమ్ వెయిటెడ్ యావరేజ్ ప్రైస్ అంటే ఒక షేరు ఆ రోజు సగటున ఏ ధరకు చేతులు మారిందో చెప్పే అంకె. ట్రేడర్లు దీన్ని పొట్టిగా వీవాప్ అంటారు. మామూలు సగటు అన్ని ధరలనూ సమానంగా చూస్తుంది. వీవాప్ మాత్రం ఏ ధర దగ్గర ఎన్ని షేర్లు అమ్ముడయ్యాయో చూసి ఆ ధరకు అంత బరువిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో పది బస్తాలు మంచి రేటుకు పోయినంత మాత్రాన ఆ రోజు యార్డు ధర అదేనని రైతు అనుకోడు. వేల బస్తాలు ఏ రేటుకు కదిలాయో అడుగుతాడు. వీవాప్ లెక్కలో ఉన్నదీ ఆ ప్రశ్నే. బ్రోకర్ల యాప్‌లో మార్కెట్ డెప్త్ తెరిస్తే ATP అనో Avg. price అనో కనిపించే అంకె ఇదే.

లెక్క కష్టమైనది కాదు. ప్రతి లావాదేవీ ధరను దాని పరిమాణంతో గుణించి, వచ్చినవన్నీ కూడి, మొత్తం పరిమాణంతో భాగిస్తే చాలు.

```
VWAP = Σ(P × V) / ΣV
```

చార్టులో ఒక్కో లావాదేవీ విడిగా ఉండదు కాబట్టి, ఒక్కో క్యాండిల్ గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరల సగటును ఆ క్యాండిల్ ధరగా తీసుకోవడం వాడుక. చార్టు మీది గీతకూ డెప్త్‌లోని ATPకీ కొన్ని పైసల తేడా రావడానికి ఇదొక కారణం.

ఊహకు ఒక షేరును తీసుకుందాం. మొదటి ఐదు నిమిషాల్లో సగటున రూ. 500 దగ్గర 40 వేల షేర్లు, తర్వాతి ఐదు నిమిషాల్లో రూ. 504 దగ్గర 20 వేలు, ఆ తర్వాత రూ. 509 దగ్గర 5 వేలు చేతులు మారాయి. మూడు ధరల మామూలు సగటు రూ. 504.33. వీవాప్ లెక్కలో మొత్తం విలువ రూ. 3,26,25,000, మొత్తం షేర్లు 65 వేలు, కాబట్టి సగటు రూ. 501.92. షేరు రూ. 509 దాకా ఎగబాకిన మాట నిజమే. కానీ అక్కడ కొన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి ఆ ధర వీవాప్‌ను పెద్దగా కదిలించలేకపోయింది.

ఈ కూడిక రోజంతా సాగి, మార్కెట్ మూయగానే ఆగిపోతుంది. నేషనల్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో మర్నాడు ఉదయం 9:15కి మామూలు ట్రేడింగ్ మొదలైనప్పుడు పైనున్న విలువ, కిందున్న పరిమాణం రెండూ సున్నా నుంచి మొదలవుతాయి. దీన్నే సెషన్ రీసెట్ అంటారు. నిన్న రూ. 505 సగటుతో ముగిసిన షేరు ఈ రోజు రూ. 520 దగ్గర తెరుచుకుంటే వీవాప్ గీత కూడా ఒక్క గెంతులో అక్కడికే వస్తుంది. రాత్రికి రాత్రి వచ్చిన వార్తతో ధర మారిపోయాక, నిన్న ఎంతకు కొన్నారన్నది ఈ రోజు బేరానికి కొలత కాదు. సెషన్ అంటూ లేకుండా ఇరవై నాలుగు గంటలూ నడిచే క్రిప్టో మార్కెట్‌లో రీసెట్ వేళ ఒక ఒప్పందం మాత్రమే. షేర్లలో అలా కాదు. మార్కెట్ తెరుచుకోవడం, మూసుకోవడం దానికి సహజమైన హద్దులు.

రీసెట్ సరిగా జరిగిందో లేదో తెలుసుకునే మార్గం ఒకటుంది. 9:15 నాటి మొదటి క్యాండిల్‌లో వీవాప్ ఆ క్యాండిల్ గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్యనే ఉండాలి, ఎందుకంటే అప్పటికి లెక్కలో ఉన్నవి ఆ ధరలే. గీత క్యాండిల్‌కు దూరంగా నిన్నటి ధర దగ్గరే వేలాడుతుంటే ఇండికేటర్ సెట్టింగ్‌లో యాంకర్ సెషన్‌కు బదులు వారమో నెలో అయి ఉండొచ్చు, లేదా పాత రోజుల పరిమాణం కూడా కలుస్తూ ఉండొచ్చు. అలాంటి గీతను నమ్ముకుంటే, గ్యాప్‌తో పైన తెరుచుకున్న షేరు ఎంత పడుతున్నా సగటుకు పైనే ఉన్నట్టు కనిపిస్తుంది.

రోజూ సున్నా నుంచి మొదలవడం వల్ల వీవాప్ స్వభావం పొద్దున ఒకలా, సాయంత్రం మరోలా ఉంటుంది. పై ఉదాహరణలో 65 వేల షేర్లయ్యాక, సగటుకన్నా పది రూపాయలు ఎక్కువకు మరో 10 వేల షేర్లు అమ్ముడైతే వీవాప్ రూపాయి 33 పైసలు పెరుగుతుంది. మధ్యాహ్నానికి 10 లక్షల షేర్లు చేతులు మారాక అదే జరిగితే పెరిగేది పది పైసలే. అందుకే మొదటి పావుగంటలో ధర గీతను దాటిందంటే దానికి పెద్ద అర్థం లేదు. అప్పటికి గీత ధర వెంటే నడుస్తుంటుంది. మధ్యాహ్నం గీత దాదాపు కదలకుండా పడి ఉంటుంది కాబట్టి అప్పటి దాటడానికి ఎక్కువ బరువుంది.

దీన్ని న్యాయమైన ధరకు కొలతగా వాడుకలోకి తెచ్చినవి పెద్ద సంస్థలు. 1988లో బెర్కోవిట్జ్, లోగ్, నోజర్ అనే ముగ్గురు న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్ లావాదేవీల ఖర్చు మీద రాసిన పరిశోధన పత్రంలో వీవాప్‌ను కొలమానంగా తీసుకున్నారు. ఒక మ్యూచువల్ ఫండ్ రెండు లక్షల షేర్లు కొనమని బ్రోకర్‌కు చెప్పిందనుకుందాం. బ్రోకర్ రోజంతా ముక్కలుగా కొని సగటు రూ. 503.40కి తెచ్చాడు. ఆ రోజు వీవాప్ రూ. 504. షేరుకు 60 పైసల చొప్పున రూ. 1,20,000 మిగిలినట్టు లెక్క. ఇక్కడ న్యాయమైన ధర అంటే కంపెనీ అసలు విలువ కాదు, ఆ రోజు మార్కెట్‌లో అందరికీ సగటున పడిన ధర మాత్రమే. ఆ రోజు మొత్తం పరిమాణంలో పెద్ద వాటా ఆ ఫండ్‌దే అయితే ఈ కొలత కూడా చెడిపోతుంది. దాని కొనుగోలే సగటును పైకి లాగుతుంది కాబట్టి, ఎంత ఖరీదుగా కొన్నా వీవాప్‌కు దగ్గరగానే కొన్నట్టు కనిపిస్తుంది.

ఇంట్రాడే ట్రేడర్ ఎక్కువగా దెబ్బతినేది వీవాప్ కింద దొరికిందల్లా చౌక అనుకున్నప్పుడు. పది గంటలకు వీవాప్ రూ. 500, ధర రూ. 498. రెండు రూపాయలు తక్కువకే వచ్చిందని కొన్నాడు. ఆ రోజు అమ్మకాల ఒత్తిడి ఆగలేదు, మూడు గంటలకు ధర రూ. 490కి, వీవాప్ రూ. 496కి దిగాయి. పొద్దున సగటుకు కింద ఉన్న అతని కొనుగోలు ధర ఇప్పుడు సగటుకు పైన ఉంది. పది గంటల గీతకు ఆ తర్వాత జరిగే లావాదేవీల సంగతి తెలియదు. ధర గీతను అటూ ఇటూ పదేపదే దాటుతూ, గీత బల్లపరుపుగా ఉన్న రోజునే సగటు దగ్గరికి తిరిగి వస్తుందన్న ఆశకు కొంత ఆధారం ఉంటుంది. గీత ఒకే దిక్కుకు వాలుతూ, ధర దానికి ఒకే పక్కన ఉండిపోతే అది ట్రెండ్ ఉన్న రోజు. అప్పుడు ఆ దూరాన్ని చౌక అనడం తప్పు.

నిఫ్టీ సూచీ మీద వీవాప్ చూసేవాళ్లు మరో సంగతి గమనించాలి. సూచీ నేరుగా చేతులు మారదు, కాబట్టి దానికి సొంత పరిమాణం లేదు. నిఫ్టీ ఫ్యూచర్స్ చార్టు మీద చూడటమే సబబు.

ఈ అంకెను ట్రేడర్ ముందు తన మీదే ప్రయోగించి చూసుకోవాలి. సాయంత్రం వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లోని తన కొనుగోలు, అమ్మకపు ధరలను అదే రోజు ATP పక్కన పెట్టి, ఇలా ఒక నెల రోజులు రాసుకుంటే, తాను మార్కెట్ సగటుకన్నా మెరుగ్గా కొంటున్నాడో లేదో రూపాయల్లో తేలుతుంది.