పొద్దుగాల ఫోన్ చెప్పే వాన ముచ్చట: గొడుగు ఎప్పుడు పట్టుకోవాలె?

మా అక్క బిడ్డ డిగ్రీ చదువుతది. పొద్దుగాల ఏడున్నరకు స్టేజీ కాడ బస్సెక్కితే మళ్ల ఐదున్నరకు దిగుతది. వానకాలంల ఒకనాడు ఆమె ఫోన్ల ‘ఈ రోజు వాన 60 శాతం’ అని వచ్చింది. మొగులు చూస్తే తెల్లగ ఉంది. గొడుగు ఇంట్లనే పెట్టి పోయింది. వచ్చేటప్పుడు తడిసి ముద్దయింది, బ్యాగుల రికార్డు బుక్కు కూడ ఖరాబైంది.

ఫోన్ అబద్ధం చెప్పలే. 60 శాతం అంటే దినమంతా వాన పడ్తదని కాదు, గట్టిగ పడ్తదని కూడ కాదు. అసొంటి రోజులు పది వస్తే ఆరు రోజులు వాన పడ్తది, నాలుగు రోజులు పడది. గంతే.

అందుకే దినం లెక్క గాదు, గంటల లెక్క చూడాలె. ఆరోజు గంటల లెక్క తెరిస్తే పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాక 10 శాతం, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాక 60 శాతం ఉంది. మనం తొవ్వ మీద ఉండే గంటలే మనకు పనికొచ్చేవి. రిమైండర్ పెట్టుకుంటే పోయే గంట, వచ్చే గంట రెండూ చూసేటట్టు పెట్టుకోవాలె.

ఎంత శాతానికి హెచ్చరించాలె? దానికి నష్టం లెక్క చూడాలె. గొడుగు మోస్తే పోయేదేం లేదు, తడిస్తే రికార్డు పోతది. కాబట్టి 30 శాతానికే గొడుగు పట్టుకొమ్మనాలె. జల్ది బయలెల్లుడు అంటే నిద్ర, ఇంటి పని ఇడిసిపెట్టాలె. అందుకని పోయే గంటల 60 శాతం దాటి, వాన కూడ గట్టిగ ఉంటదంటేనే అరగంట ముందు లేపమనాలె. ఈ అంకెలు నేను పెట్టుకున్నవి, మీ తొవ్వను బట్టి మార్చుకోండ్రి.

నీళ్లకు ఎండ డిగ్రీలొక్కటే చూస్తే సాలదు. గాలిల తేమ ఎక్కువుంటే చెమట ఆరది, ఒళ్లు సల్లబడది. 36 డిగ్రీలే ఉన్నా ఒంటికి 42 లెక్క అనిపిస్తది. యాప్‌ల ‘ఫీల్స్ లైక్’ అని ఉండేది గదే. అది 40 దాటితే ఇంకో లీటరు బాటిల్ పట్టుకోవాలె. ఉపాధి పనికి పోయేటోళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇది తప్పేది కూడ ఉంటది. రాత్రి నెట్ లేకుంటే ఫోన్ నిన్నటి లెక్కనే చూపిస్తది, అప్‌డేట్ అయిన టైం చూడుండ్రి. ఎండకాలం ఉరుముల మబ్బు గంట రెండు గంటలల్లనే కమ్ముకుంటది, ఆరు గంటలప్పటి లెక్కల అది దొరకకపోవచ్చు. ఇంటికి బయలెల్లే ముందు ఇంకోసారి చూడాలె. తొవ్వల వాగుంటే ఇంకో ముచ్చట: మన ఊర్ల చుక్క పడకున్నా పైన పడ్డ వానకు వాగు పొంగుతది. ఆ సంగతి గీ రిమైండర్ చెప్పది. అవతలి ఒడ్డు ఊరోళ్లకు ఫోన్ చేసి అడగాలె. కల్వర్టు మీదికెల్లి నీళ్లు పోతుంటే ఆరోజు కాలేజీ బందు వెట్టుడే.