చక్కెర లేని తీపి కడుపులో చేసే పని

2008 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బెర్లిన్ డాక్టర్లు ఇద్దరు రోగుల కథ రాశారు. మొదటి రోగి 21 ఏళ్ల అమ్మాయి. ఎనిమిది నెలలుగా నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి. బరువు 11 కిలోలు తగ్గిపోయింది. ఏ పరీక్ష చేసినా జబ్బు దొరకలేదు. చివరికి రోజూ ఏమేం తింటున్నావని కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ అమ్మాయి పొద్దస్తమానం షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ నములుతోంది. ఒక్కో గమ్‌లో సుమారు ఒకటింపావు గ్రాముల సార్బిటాల్ ఉంటుంది. అలా రోజుకు 18 నుంచి 20 గ్రాములు కడుపులోకి వెళుతోంది. రెండో రోగికి 46 ఏళ్లు. ఏడాదిలో 22 కిలోలు తగ్గాడు. గమ్‌తో పాటు షుగర్ ఫ్రీ మిఠాయిలు కూడా తినేవాడు, రోజుకు దాదాపు 30 గ్రాముల సార్బిటాల్. సార్బిటాల్ మానేశాక ఇద్దరికీ విరేచనాలు ఆగిపోయాయి, బరువు మళ్లీ పెరిగింది.

ఆ అమ్మాయి ఏదీ దాచలేదు. గమ్‌ను తిండి కింద ఎవరూ లెక్కపెట్టరు, అందుకే ఆ మాట అంత ఆలస్యంగా వచ్చింది. మన దగ్గరా డాక్టరు ‘ఏం తిన్నారు?’ అని అడిగితే అన్నం, కూర, టిఫిన్ చెబుతాం. నోట్లో నానుతున్న బిళ్ల సంగతి చెప్పం. స్వీటు షాపులో షుగర్ ఉన్నవాళ్ల కోసమని కొన్న డబ్బా సంగతి అసలే చెప్పం, దాన్ని మంచి చేసే తిండి జాబితాలో వేసుకుంటాం కాబట్టి.

సార్బిటాల్, మాల్టిటాల్, జైలిటాల్, మానిటాల్, ఐసోమాల్ట్ అన్నీ ఒకే కుటుంబం. వీటిని షుగర్ ఆల్కహాల్స్ అంటారు, లేబుల్ మీద పాలీఆల్స్ అని రాస్తారు. మత్తెక్కించే ఆల్కహాల్‌కూ వీటికీ సంబంధం లేదు. స్వీటులో ఇవి ఎందుకు వేస్తారన్నది ముందు తెలుసుకోవాలి. సుక్రలోజ్, స్టీవియా లాంటివి చిటికెడులో చిటికెడు వేస్తే చాలు, తీపి వచ్చేస్తుంది. కానీ మైసూర్‌పాక్‌లోంచి చక్కెర తీసేస్తే తీపితో పాటు సగం ముక్కే మాయమవుతుంది. పాకం, గట్టిదనం, బరువు ఇచ్చింది చక్కెరే కదా. ఆ ఖాళీని గ్రాముల లెక్కన నింపాలంటే పాలీఆల్స్ కావాలి. పొట్ట దగ్గర పేచీ వచ్చేది ఈ గ్రాముల వల్లే.

మామూలు చక్కెర తిన్నప్పుడు చిన్నపేగు గోడ మీద ఉన్న ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. వాటిని పట్టుకుని రక్తంలోకి చేర్చడానికి పేగు కణాల్లో ప్రత్యేకంగా వాహకాలున్నాయి. అందుకే చక్కెర చిన్నపేగు దాటకముందే చాలావరకు రక్తంలో కలిసిపోతుంది. సార్బిటాల్‌కు అలాంటి వాహకం లేదు. కణాల మధ్య సందుల్లోంచి మెల్లగా ఇంకాల్సిందే. అలా ఇంకేది కొంతే, మిగిలింది పేగులోనే ఉండిపోతుంది.

ఉండిపోయింది ఊరుకోదు. చిన్నపేగు గోడ గుండా నీళ్లు అటూ ఇటూ సులువుగా కదులుతాయి. పేగు లోపల కరిగిన పదార్థం ఎక్కువైతే, రక్తంలోని సాంద్రతతో సమం అయ్యేదాకా నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. ఎంత నీళ్లో లెక్కకట్టవచ్చు. 10 గ్రాముల సార్బిటాల్ పూర్తిగా ఇంకకుండా మిగిలితే, అది తన చుట్టూ సుమారు 190 మిల్లీలీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. 20 గ్రాములైతే దాదాపు 380. కొంత ఇంకుతుంది కాబట్టి ఒంట్లో అంకె కాస్త తగ్గుతుంది. అయినా ఆ అమ్మాయి పేగులో రోజూ ఏం జరుగుతూ వచ్చిందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఆ నీళ్లూ సార్బిటాలూ కలిసి పెద్దపేగుకు చేరతాయి. అక్కడ కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంది, వాటికిది విందు. పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా తయారుచేస్తాయి. కడుపుబ్బరం, గుడగుడలు, గ్యాస్ వచ్చేది ఇక్కడే. దీనితో పాటు బ్యాక్టీరియా చేసే మేలు కూడా ఒకటుంది. పులిసినప్పుడు పుట్టే చిన్న కొవ్వు ఆమ్లాలను పెద్దపేగు పీల్చుకుంటుంది, వాటి వెంట ఉప్పు, నీళ్లు కూడా పీల్చుకుంటుంది. అంటే కొద్దిపాటి సార్బిటాల్ వస్తే బ్యాక్టీరియా దాన్ని పూర్తిగా తినేస్తుంది, గ్యాస్ తప్ప ఇంకేం ఉండదు. వాటి శక్తికి మించి వచ్చిందంటే మిగిలిన సార్బిటాల్ నీళ్లను పట్టుకుని అలాగే బయటికి నడుస్తుంది. చాలామందికి 10 గ్రాముల దగ్గర గ్యాస్‌తో సరిపోయి, 20 దాటాక విరేచనం మొదలవడానికి కారణం ఇదే. ఈ హద్దు మనిషికీ మనిషికీ మారుతుంది. పిల్లలకు ఇంకా తక్కువ. ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఐదు గ్రాములకే పొట్ట బిగుసుకోవచ్చు.

ఈ కుటుంబంలో ఎరిత్రిటాల్ తీరు వేరు. అణువు చిన్నది కాబట్టి దాదాపు 90 శాతం చిన్నపేగులోనే ఇంకిపోయి మూత్రంలో వెళ్లిపోతుంది. పొట్టకు దానితో ఇబ్బంది తక్కువ. లాక్టిటాల్‌నైతే మలబద్ధకానికి మందుగానే సిరప్ రూపంలో అమ్ముతున్నారు. ఒక సీసాలో ఉంటే విరేచనకారి అని, స్వీటులో ఉంటే ఆరోగ్యకరం అని పిలుచుకుంటున్నాం.

ఇప్పుడు ఒక డబ్బా తీసుకుని లెక్క చూద్దాం. వెనక పోషకాల పట్టికలో ‘100 గ్రాములకు పాలీఆల్స్ 40 గ్రాములు’ అని ఉందనుకోండి. ఒక్కో ముక్క 40 గ్రాములు. రెండు ముక్కలు తింటే 32 గ్రాములు లోపలికి వెళ్లాయి, అంటే బెర్లిన్‌లో ఆ రెండో రోగి రోజంతా తీసుకున్నంత. పట్టికలో ఆ వరుస లేకపోతే పదార్థాల జాబితాలో 420 సార్బిటాల్, 421 మానిటాల్, 953 ఐసోమాల్ట్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్ అంకెలు వెతకాలి. మన దేశంలో పాలీఆల్స్ ఉన్న ప్యాకెట్ మీద విరేచనకారి కావచ్చన్న హెచ్చరిక ఉండాలి. షాపులో విడిగా తూచి ఇచ్చే స్వీట్లకు లేబులే ఉండదు. అక్కడ ‘తీపికి ఏం వేశారు?’ అని నోరు తెరిచి అడగడమే దారి.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. మెట్‌ఫార్మిన్ మాత్రకు కూడా విరేచనాలు అవుతాయి. పండక్కి షుగర్ ఫ్రీ స్వీట్లు తిని, నెపం మాత్ర మీద వేసి, మాత్ర మానేసేవాళ్లుంటారు. అది ప్రమాదం. మానాల్సింది ముందు స్వీటు. సార్బిటాల్ వల్ల వచ్చే విరేచనాలు అది ఆపితే రెండు మూడు రోజుల్లో ఆగిపోతాయి. దగ్గు, జ్వరం సిరప్‌లలో కూడా సార్బిటాల్ ఉంటుంది కాబట్టి వాటి సంగతీ డాక్టరుకు చెప్పాలి.

అనుమానం తీరకపోతే ల్యాబ్‌లో మలంలోని నీటిని పరీక్షిస్తారు. సోడియం, పొటాషియం అంకెలు కూడి, రెట్టింపు చేసి, 290లోంచి తీసేస్తారు. సోడియం 30, పొటాషియం 40 ఉంటే రెట్టింపు 140, మిగిలింది 150. ఇది 100 దాటిందంటే పేగులో ఇంకని పదార్థమేదో నీళ్లను పట్టుకుని కూర్చుందని అర్థం. 50 లోపుంటే తప్పు పేగుదే, స్వీటుది కాదు. ఇక రక్తం పడటం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనం, స్వీటు మానినా తగ్గకపోవడం, ఇవేవీ పాలీఆల్స్ ఖాతాలోవి కావు. వాటికి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, వెళ్లేటప్పుడు ఆ ఖాళీ డబ్బా కూడా వెంట తీసుకెళ్లాలి.