పొగ పోయినా వాసన పోదేం?

పెళ్లివారింట వంటశాల పక్క గదిలో ఒకే దండెం మీద మూడు బట్టలు వేలాడుతున్నాయనుకోండి: ఒక నూలు పంచె, ఒక పాలియెస్టర్ చొక్కా, ఒక ఉన్ని శాలువా. రెండు రోజులపాటు గాడిపొయ్యి మీద గారెలు, బూరెలు వేగాయి. కిటికీ అవతల పెద్దలు చుట్టలు కాల్చారు. మూడు బట్టలూ ఒకే పొగలో మునిగాయి. ఇంటికి వచ్చి ఉతికాక మాత్రం మూడూ మూడు విధాలుగా ప్రవర్తిస్తాయి. పంచెకు పట్టిన నూనెవాసన ఒక్క ఉతుకుతో పోతుంది గాని, చుట్టవాసన కొంత మిగులుతుంది. చొక్కా ఆరినప్పుడు బాగానే ఉండి, ఇస్త్రీపెట్టె తగలగానే గారెల బాణలిని గుర్తుచేస్తుంది. శాలువా వారం గడిచినా రెండు వాసనలనూ వదలదు.

ఇందుకు కారణం ఒక్కటే. వాసన అనేది గాలి కాదు, పదార్థం. కాగిన నూనెనుండి లేచే ఆవిరిలో కంటికి కనిపించని జిడ్డు తుంపరలు ఉంటాయి. పొగాకు పొగలో నికోటిన్, దానికి దాయాదులైన ఘాటు పదార్థాలు ఉంటాయి. ఇవి పోగుల మీద పేరుకొని, కొద్దికొద్దిగా ఆవిరై మన ముక్కుకు చేరుతాయి. పోగు స్వభావాన్ని బట్టి వాటి నివాసకాలం నిర్ణయమవుతుంది.

నూలు నీటికి మిత్రం. నీరు పోగులోకి సులభంగా చొరబడి, సబ్బుతో కలిసి జిడ్డును పెకలించుకొని వస్తుంది. పాలియెస్టర్ సంగతి దీనికి విరుద్ధం. అది నీటిని దాదాపుగా పీల్చదు, కాని నూనెను మాత్రం ఆత్మీయంగా అంటిపెట్టుకుంటుంది. చన్నీళ్లలో ముంచితే నీరు పైపైన జారిపోతుంది, జిడ్డు అక్కడే ఉంటుంది. ఇస్త్రీ వేడికి అదే మళ్లీ ఆవిరవుతుంది. ఇక ఉన్ని పోగు పైన పొలుసులు ఉంటాయి. లోపలి మాంసకృత్తు తన బరువులో దాదాపు మూడోవంతు నీటియావిరిని పీల్చుకోగలదు. ఆ ఆవిరి వెళ్లే దారినే వాసనలూ లోనికి వెళ్లి స్థిరపడతాయి.

కనుక చికిత్సా మూడు విధాలు.

చొక్కాను ముందుగా గాలికి ఆరవేయండి. తరువాత చీటీలో రాసిన హద్దు దాటకుండా, చేయి పెట్టగలిగేంత వేడినీళ్లలో డిటర్జెంట్ పొడి కరిగించి అరగంట నానబెట్టి ఉతకండి. బట్టలు కుక్కి నింపిన యంత్రంలో నీరు పోగుల మధ్య ఆడదు. మెత్తదనం కోసం చివర్లో కలిపే ద్రవం మరో కొవ్వుపూతను చేర్చి వాసనను బంధిస్తుంది కాబట్టి, దానిని మానండి.

పంచెలోని చుట్టవాసనకు వెనిగర్ ఉపాయం. నికోటిన్ క్షారగుణం గలది. సబ్బునీళ్లూ క్షారమే కనుక అందులో అది నూలును వదలడానికి మొరాయిస్తుంది. ఆమ్లం తగిలితే లవణంగా మారి, నీటిలో సులభంగా కరిగిపోతుంది. పది లీటర్ల నీటికి ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, బాగా జాడించి, ఆ తరువాతే సబ్బుతో ఉతకాలి. రెండింటినీ ఒకేసారి కలిపితే ఒకదాని బలాన్ని ఒకటి హరిస్తుంది. బ్లీచింగ్ పొడితో వెనిగర్‌ను ఎన్నడూ కలపరాదు, ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

శాలువాకు వేడినీళ్లు, సోడా, రుద్దుడు పనికిరావు. పొలుసులు ఒకదానికొకటి చిక్కుకొని శాలువా బిగుసుకుపోతుంది. వేడినీళ్ల ఆవిరి నిండిన స్నానాలగదిలో పావుగంట వేలాడదీయండి. నీటియావిరి పోగులోకి చేరి, అక్కడున్న వాసన పదార్థాలను స్థానభ్రంశం చేస్తుంది. అందుకే తడిసిన ఉన్ని మొదట మరింత ఘాటుగా తోస్తుంది. భయపడకండి, వాసన వెళ్లిపోతున్న గుర్తు అది. వెంటనే గాలి ఆడే నీడలో ఆరవేసి, మెత్తని బ్రష్‌తో దులపండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే చాలావరకు తేలికపడుతుంది. ఏళ్ల తరబడి పొగ పట్టిన ఉన్ని మాత్రం పూర్తిగా తేరుకోకపోవచ్చు.

అత్తరు చల్లడం వాసనను కప్పడమే గాని తీయడం కాదు. వాసన పోయిందో లేదో మీ ముక్కును నమ్మకండి, అది కొద్ది నిమిషాల్లోనే అలవాటుపడిపోతుంది. ఆరిన బట్టను ప్లాస్టిక్ సంచిలో రాత్రంతా మూసి ఉంచి, బయటినుండి అప్పుడే వచ్చినవారి చేత తెరిపించి వాసన చూడమనండి. వారు ముఖం చిట్లిస్తే మరొకసారి ఉతకండి. అంతవరకు ఇస్త్రీ చేయకండి, బీరువాలో పెట్టకండి. ఇస్త్రీ వేడికి మిగిలిన జిడ్డు పోగులో గట్టిపడుతుంది. బీరువాలోనైతే పక్కనున్న బట్టలకూ ఆ వాసన అంటుకుంటుంది.