వీధి వ్యాపారుల పరిశీలనలో నమూనా ఎంపిక

భీమ్‌గల్ వీధి వ్యాపారులు పెట్టుబడికి అప్పు ఎక్కడ తెస్తారో తెలుసుకోగోరే ప్రతిపాదనకు, పూర్తి జాబితా లేనప్పుడు, మూడు మార్గాలున్నాయి. ఉద్దేశపూర్వక నమూనాలో పరిశోధకుడు విషయం బాగా ఎరిగినవారినే ఎన్నుకొంటాడు. లోతు లభిస్తుంది గాని సామాన్య వ్యాపారి మరుగున పడతాడు. గొలుసు నమూనాలో ఒకరు మరొకరిని చూపుతారు. అందరూ ఒకే వడ్డీవ్యాపారి వద్దకు పోయేవారు కావచ్చు. అప్పును గురించిన ప్రశ్నకు ఇది పెద్ద దోషం.

కనుక కోటా నమూనాయే తగినది. ముందుగా ఉదయం, సాయంత్రం వేళల్లో వ్యాపారులను రకాలవారీగా లెక్కించాలి. ఒకరినే రెండుసార్లు లెక్కించరాదు. మొత్తం 120 మందిలో కూరగాయలవారు 60, తినుబండారాలవారు 36, బట్టలవారు 24 అనుకుందాం. 40 మంది నమూనాలో వారు వరుసగా 20, 12, 8 మంది ఉండాలి. చనువుగా మాట్లాడేవారినే ఎంచకుండా, ప్రతి రకంలోనూ మూడవ బండి వద్ద ఆగాలి. అయినా ఇది సంభావ్యతా నమూనా కాదు గనుక, ఫలితాలకు దోష పరిమితిని లెక్కగట్టి చెప్పరాదు.