లిప్ బామ్ ఎంత రాసినా పెదాలు ఎండిపోతున్నాయా? ట్యూబ్ వెనకాల ఈ పేర్లు ఉన్నాయేమో చూడండి!

పొద్దున ఒకసారి, ఆఫీసుకు చేరాక ఒకసారి, లంచ్ అయ్యాక మళ్లీ ఒకసారి. లిప్ బామ్ రాస్తూనే ఉంటారు. అయినా సాయంత్రానికి పెదాలపై పొట్టు లేచిపోతుంది. "ఈ బామ్‌కి అలవాటు పడిపోయా, మానేస్తే ఇంకా ఎండిపోతాయి" అనే మాట చాలామంది నోట వినిపిస్తుంది. నిజానికి పెదాలు బామ్‌కి బానిసలవడం అంటూ ఏమీ ఉండదు. అయితే కొన్ని బామ్‌లు పెదాల్ని మరింత ఎండబెడతాయన్నది మాత్రం నిజం. తేడా అంతా ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ముందు పెదాల సంగతి తెలుసుకోవాలి. బుగ్గలపై చర్మానికి నూనె గ్రంథులు ఉంటాయి. అవి వదిలే జిడ్డు తేమను కొంత ఆపుతుంది. పెదాలపై అలాంటి గ్రంథులు దాదాపు ఉండవు, చెమట గ్రంథులూ ఉండవు. పైపొర కూడా చాలా పల్చన. అందుకే ముఖంలో మిగతా చోట్ల కంటే పెదాల్లోంచి నీరు త్వరగా ఆవిరైపోతుంది. రోజంతా ఏసీలో కూర్చుంటే ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి బామ్ చేయాల్సిన అసలు పని ఒకటే, లోపలి నీరు బయటికి పోకుండా పైన మూత వేయడం. ఈ పని ఏది చేస్తుంది, ఏది చేయదు అన్నదే చూడాలి.

మెడికల్ షాపులో దొరికే మూడు రకాల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది, రాయగానే చల్లగా, కాస్త చురుక్కుమనే స్టిక్. వెనకాల చదివితే మెంథాల్, కాంఫర్ అని ఉంటాయి. కాంఫర్ అంటే మన కర్పూరమే. కొన్నింట్లో ఫినాల్, శాలిసిలిక్ యాసిడ్ కూడా కలుపుతారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. మెంథాల్ పెదాల్ని నిజంగా చల్లబరచదు. చలిని పసిగట్టే నరాల్ని తట్టి లేపుతుంది, అంతే. మనకేమో "ఆహా, పని చేస్తోంది" అనిపిస్తుంది. ఆ చురుక్కు మామూలు పెదాల మీద పెద్దగా ఇబ్బంది పెట్టకపోవచ్చు. పగిలిన పెదాల మీద మాత్రం అది మంట పుట్టించే పదార్థమే. మంటకి పెదవి పొడిబారి బిగుసుకుంటుంది. బిగుసుకోగానే నాలుకతో తడుపుతాం. ఉమ్మి ఆవిరవుతూ ఉన్న తేమనీ పట్టుకుపోతుంది. పైగా ఉమ్మిలో అన్నాన్ని అరిగించే ఎంజైమ్‌లు ఉంటాయి కదా, అవి పల్చని పొరను ఇంకా రేపుతాయి. వెంటనే మళ్లీ బామ్ తీస్తాం. చాలామంది "అలవాటు" అనుకునేది ఈ చక్రాన్నే. శాలిసిలిక్ యాసిడ్‌దైతే మరో కథ. అది పొట్టును ఊడగొట్టే మందు. అసలే పల్చగా ఉన్న పొరను ఊడగొడితే మిగిలేదేంటి?

రెండోది, నిగనిగలాడే జెల్. గ్లిజరిన్, హయాలురానిక్ యాసిడ్ అని గొప్పగా ముందే రాసి ఉంటుంది. ఇవి చెడ్డవేమీ కావు. నీటిని పట్టి ఉంచే పదార్థాలు ఇవి. చిక్కేంటంటే పట్టుకున్న నీటిపై మూత లేకపోతే, పొడి గాలిలో ఆ నీరు నిలవదు. రాసిన కాసేపు పెదాలు నిండుగా కనిపిస్తాయి, గంట తర్వాత మళ్లీ మామూలే. అదే జెల్‌లో మైనమో పెట్రోలాటమో కూడా తగినంత ఉంటే బాగా పని చేస్తుంది. ఒంటరిగా ఉంటేనే సమస్య.

మూడోది, రంగూ వాసనా లేని పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా. లేబుల్‌పై పెట్రోలాటమ్ అని ఒకటే పేరు. చూడ్డానికి ఏ గొప్పా లేదు, మూడింట్లో సాధారణంగా ధరా దీనిదే తక్కువ. నీరు పోకుండా ఆపడంలో మాత్రం ఇంతకు మించినవి చాలా తక్కువ. దీనికి అలర్జీ రావడం కూడా చాలా అరుదు. "పెట్రోల్ నుంచి వచ్చింది కదా" అని కొందరు భయపడతారు. కాస్మెటిక్స్‌లో వాడేది శుద్ధి చేసిన రకం, దాన్నే చర్మ డాక్టర్లు కూడా రాసిస్తుంటారు. దీని లోపం వేరే. ఎండను ఆపదు.

లేబుల్ ఎలా చదవాలి?

పదార్థాల పేర్లు ఎక్కువ మోతాదు నుంచి తక్కువకి వరుసగా రాస్తారు. కాబట్టి మొదటి మూడు నాలుగు పేర్లే బామ్‌లో ఎక్కువ భాగం. అక్కడ పెట్రోలాటమ్, షియా బటర్, బీస్‌వాక్స్, సెరమైడ్స్, డైమెథికోన్ లాంటివి కనిపిస్తే మంచిదే. ముందువైపు పెద్ద అక్షరాల్లో "తేనె", "బాదం" అని ఉండి, వెనక ఆ పేరు చిట్టచివర ఉందంటే అది దాదాపు బొమ్మ కోసమే.

చివర్లో ఉన్నవాటిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్రాగ్రెన్స్, ఫ్లేవర్, దాల్చినచెక్క నూనె, పిప్పర్‌మింట్ నూనె... కొద్దిగా ఉన్నా కొందరికి పడవు. లానోలిన్, ఆముదం, తేనెపట్టు పదార్థాలు చాలామందికి బాగా పని చేసినా, కొందరికి అలర్జీ తెస్తాయి. ఈ అలర్జీ రాసిన వెంటనే కాక ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. అందుకే ఎవరూ బామ్‌ని అనుమానించరు. స్ట్రాబెర్రీ రుచి ఉన్నవాటితో ఇంకో తంటా, పిల్లలు నాకుతూనే ఉంటారు.

ఇంట్లో నెయ్యి, కొబ్బరి నూనె రాసుకుంటే సరిపోదా అంటారా? రాయొచ్చు. కానీ కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మన వేసవిలో పెదాల మీద ఎంతసేపు నిలుస్తుందో మీకే తెలుసు. పంచదారతో రుద్దే స్క్రబ్ మాత్రం పగిలిన పెదాలకు వద్దే వద్దు.

తప్పు మీ బామ్‌దేనా? ఇలా తేల్చుకోండి

రెండు వారాలు అన్ని బామ్‌లూ, లిప్‌స్టిక్‌లూ పక్కన పెట్టండి. ఉత్త పెట్రోలియం జెల్లీ ఒక్కటే వాడండి. నీళ్లు తాగాక పెదాలు కాస్త తడిగా ఉన్నప్పుడే బియ్యపు గింజంత తీసుకుని రాయాలి. తిన్న ప్రతిసారీ మళ్లీ రాయాలి, పడుకునే ముందు కొంచెం మందంగా. పొట్టును గోటితో పీకకూడదు. మొదటి రెండు మూడు రోజులు "ఏదో వెలితిగా" అనిపిస్తుంది, చల్లదనం లేదు కాబట్టి. రెండు వారాల్లో పెదాలు కుదురుకుంటే పాత బామ్‌నే అనుమానించాలి. కుదురుకోకపోతే టూత్‌పేస్ట్ వైపు చూడండి. ఘాటు పుదీనా, దాల్చినచెక్క రుచి ఉన్న పేస్టులు కూడా ఇదే పని చేస్తాయి.

తర్వాత కొత్త బామ్ కొంటే, ముందు మోచేతి మడత దగ్గర రోజుకు రెండుసార్లు చొప్పున ఓ వారం రాసి చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా దాన్ని పెదాల దాకా తేవద్దు. బైక్ మీద, పొలంలో ఎండలో తిరిగేవాళ్లు ఎస్పీఎఫ్ 30 ఉన్నదాన్ని తీసుకోవాలి. అందులో జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉంటే సున్నితమైన పెదాలకు నయం. ఎండ దెబ్బ ఎక్కువగా తగిలేది కింది పెదవికే.

ఏ బామూ పని చేయని సందర్భాలూ ఉన్నాయి. నోటి మూలలు మాత్రమే పగిలి తెల్లగా నానినట్టుంటే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు కావాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడేవాళ్లలో దాదాపు అందరికీ పెదాలు ఎండుతాయి, ఆ సంగతి మందు రాసిన డాక్టర్‌తోనే మాట్లాడాలి. కింది పెదవిపై ఒకే చోట గరుకు మచ్చ వారాలు గడిచినా మానకపోతే బామ్‌లు మారుస్తూ కూర్చోవద్దు, చర్మ వైద్యుడికి చూపించండి.