ఎవరికీ చెల్లించని సొమ్ము ఖర్చుల్లో ఎందుకు కనిపిస్తుంది?

సొసైటీ వార్షిక లెక్కలు చూసిన దాతలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఖర్చుల్లో గ్రాట్యుటీ ప్రొవిజన్ అని రాశారు. ఈ ఏడాది ఎవరికీ గ్రాట్యుటీ ఇవ్వలేదుగా, మరి ఈ సొమ్ము ఎక్కడికి పోయింది?" అడగవలసిన ప్రశ్నే. ఒక టీచరమ్మ లెక్క వేసి చూస్తే జవాబు దొరుకుతుంది.

పది మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థకు గ్రాట్యుటీ చట్టబద్ధమైన బాధ్యత. సేవాసంస్థ నడిపే బడికీ, అందులోని టీచర్లకూ ఇది వర్తిస్తుంది. లెక్క ఇలా ఉంటుంది:

చివరి నెల వేతనం × 15 ÷ 26 × సర్వీసు సంవత్సరాలు

ఇక్కడ వేతనం అంటే ముఖ్యంగా మూల వేతనం, కరవు భత్యం. సర్వీసులో ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు.

ఒక టీచరమ్మ 2013 జూన్‌లో చేరారనుకుందాం. 2025 మార్చి 31 నాటికి ఆమె సర్వీసు 12 ఏళ్లుగా లెక్కకు వస్తుంది. వేతనం రూ.20,000. ఆ రోజున సంస్థ ఆమెకు బాకీ ఉన్నది రూ.1,38,462. ఏడాది తిరిగేసరికి సర్వీసు 13 ఏళ్లు, వేతనం రూ.22,000 అయ్యాయి. ఇప్పుడు బాకీ రూ.1,65,000. ఒక్క ఏడాదిలో పెరిగింది రూ.26,538.

ఇందులో కొత్త ఏడాది సర్వీసుకు చెందినది రూ.12,692 మాత్రమే. మిగిలిన రూ.13,846 గడిచిన 12 ఏళ్లకు సంబంధించినది. గ్రాట్యుటీని చివరి వేతనం మీద కడతారు కాబట్టి, ఈరోజు పెంచిన ప్రతి రూపాయీ పాత సంవత్సరాలన్నిటికీ వర్తిస్తుంది. జీతాలు పెంచినప్పుడు నెలనెలా పెరిగే ఖర్చు అందరికీ కనిపిస్తుంది. వెనకటి ఏళ్ల మీద పడిన ఈ భారం మాత్రం కనిపించదు. ఏటా లెక్క వేయని సంస్థ, పాతికేళ్లు పనిచేసిన మనిషి రిటైరయ్యే రోజున దాతల దగ్గరికి పరుగెత్తవలసి వస్తుంది. గ్రాట్యుటీ చెల్లించడానికి చట్టం ఇచ్చే గడువు ముప్పై రోజులే.

సెలవుల లెక్క దీనికంటే సులువు. ఏడాది చివర మిగిలిన ఆర్జిత సెలవులను సంస్థ నిబంధనల ప్రకారం ఒక రోజు వేతనంతో గుణించాలి. నిబంధనలో నెలను 30 రోజులుగా తీసుకుంటే, మన టీచరమ్మకు మిగిలిన 40 రోజులకు రూ.29,333 అవుతుంది. ఏడాదితో రద్దయిపోయే క్యాజువల్ సెలవులనూ, నిల్వ పరిమితి దాటిన రోజులనూ ఇందులో కలపకూడదు. సెలవుల రిజిస్టరు సరిగా లేకపోతే ఈ లెక్కకు ఆధారమే ఉండదు.

పెద్ద సంస్థలు ఈ లెక్కలను యాక్చువరీ చేత వేయిస్తాయి. సగటున 50 మంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చిన్న సంస్థలు, మార్చి 31న అందరికీ ఒకేసారి చెల్లించవలసి వస్తే ఎంతవుతుందో లెక్కగట్టడానికి అకౌంటింగ్ ప్రమాణం 15 వీలిస్తుంది. ఐదేళ్లు నిండనివారిని ఈ లెక్కలో వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. వారికి హక్కు ఇంకా రాకపోయినా, బాధ్యత చేరిన రోజు నుంచే పోగవుతుంది. పైగా ఉద్యోగి మరణిస్తే ఐదేళ్ల షరతు వర్తించదు.

ఇప్పుడు పుస్తకాల్లో రాయడం చూద్దాం. ఏడాది మొదట ప్రొవిజన్ రూ.6,40,000 ఉంది. మధ్యలో ఒకరు రిటైరైతే అందులోంచి రూ.1,20,000 చెల్లించారు. మిగిలింది రూ.5,20,000. మార్చి 31న అందరి బాకీ కలిపితే రూ.7,10,000 తేలింది. తేడా రూ.1,90,000 ఈ ఏడాది ఖర్చు. గ్రాట్యుటీ ఖర్చు ఖాతాకు డెబిట్, గ్రాట్యుటీ ప్రొవిజన్ ఖాతాకు క్రెడిట్ రాస్తారు. రిటైరైన వ్యక్తికిచ్చిన రూ.1,20,000ను మళ్లీ ఖర్చులో చూపితే ఒకే సొమ్మును రెండుసార్లు రాసినట్టవుతుంది.

2025 నవంబరు 21 నుంచి పాత గ్రాట్యుటీ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పై సూత్రం మారలేదు. అయితే వేతనంలో చేరని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. మన టీచరమ్మకు అవి సగంలోపే ఉన్నాయనుకున్నాం. మూల వేతనం తక్కువగా, అలవెన్సులు ఎక్కువగా ఇచ్చే సంస్థల్లో మాత్రం బాకీ ఒక్కసారిగా పెరుగుతుంది.

ప్రొవిజన్ పుస్తకంలో అంకె మాత్రమే, అదే డబ్బు కాదు. కాబట్టి ఆస్తుల వైపు దానికి సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్ గానీ, ఎల్‌ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ నిధి గానీ ఉందో లేదో చూడండి. ఆ సొమ్ము సాధారణ నిధి నుంచో, ఆ ఉద్యోగి పనిచేసే విభాగం ఆదాయం నుంచో రావాలి. పేదల కోసం మీరిచ్చిన జకాత్ ఖాతా నుంచి కాదు. ఆదాయపు పన్ను లెక్కలో కూడా ప్రొవిజన్ రాసినంత మాత్రాన ధార్మిక వినియోగం కాదు, నిజంగా చెల్లించిన ఏడాదే అవుతుంది.

ఈసారి బ్యాలెన్స్ షీట్ చేతికి వచ్చినప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: సిబ్బందికి ఉన్న బాకీ ఎంత, దానికోసం విడిగా దాచినది ఎంత. ఆ రెంటి మధ్య తేడాయే రేపు మీ ముందుకు రాబోయే విజ్ఞప్తి.