16 లీటర్ల పంపు కొనేముందు

తొలకరి దగ్గర పడేసరికి మండల కేంద్రాల్లోని మందుల దుకాణాల ముందు కొత్త స్ప్రేయర్లు బారులు తీరతాయి. నీలం, పసుపు, తెలుపు రంగుల్లో ట్యాంకులు, వాటి మీద పెద్ద అక్షరాల్లో 16 లీటర్లు అన్న మాట. రైతు అడిగేదీ అదే, దుకాణదారు చెప్పేదీ అదే. కానీ మందు మొక్క మీద సరిగా పడిందో లేదో తేల్చేది ట్యాంకు కాదు. గన్ను చివరన బిగించిన నాజిల్, లోపల కంటికి కనిపించని వాషర్లు ఆ పని చేస్తాయి. అవి అరిగిపోయిన రోజున అదే ఊళ్లో మళ్లీ దొరుకుతాయా లేదా అన్నదాని మీద ఆ పంపు ఎన్నేళ్లు పనికొస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

ముందు బరువు సంగతి చూద్దాం. లీటరు నీరు కిలో బరువు తూగుతుంది. 16 లీటర్లు నింపి, పంపు సొంత బరువు మరో నాలుగైదు కిలోలు కలిపితే మనిషి వీపు మీద 20 కిలోలకు పైనే ఉంటుంది. బ్యాటరీ పంపైతే బ్యాటరీ ఒక్కటే రెండు కిలోలకు మించుతుంది. నిండుగా ఉన్నప్పుడు వీపు పంపు 25 కిలోలు దాటకూడదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రమాణాలు చెబుతున్నాయి. మన దగ్గర తైవాన్ పంపు అని పిలిచే పెట్రోలు స్ప్రేయర్లలో 20, 25 లీటర్ల ట్యాంకులు ఉంటాయి. ఇంజను బరువు కూడా కలిస్తే ఆ హద్దు దాటిపోతుంది. మెట్ట చేలో గట్టు వెంట నడిచేవాళ్లు ఎలాగో మోస్తారు గానీ, దమ్ము చేసిన వరి మడిలో పిక్కల దాకా బురదలో కాలు తీసి కాలు వేయాల్సిన మనిషికి అది శిక్షే. వరి ఎక్కువగా ఉన్నచోట, మందు కొట్టే మనిషి బక్కపలచగా ఉంటే, ట్యాంకు 16 లీటర్లదే అయినా 12 లీటర్లకే నింపి రెండుసార్లు ఎక్కువ తిరగడం మేలు.

ట్యాంకు దేనితో చేశారన్నది తర్వాతి ప్రశ్న. ఒకప్పుడు ఊళ్లలో ఇత్తడి పంపులు ఉండేవి. తరాల పాటు మన్నేవి, అయితే బరువూ ధరా ఎక్కువ. ఇప్పుడు దాదాపు అన్నీ గట్టి ప్లాస్టిక్‌వే. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ఇనుమును తినేస్తుంది, ప్లాస్టిక్‌ను ఏమీ చేయదు. దాని శత్రువు ఎండ. ఎండను తట్టుకునే పదార్థం కలపని చౌక ట్యాంకు, చేను గట్టున పడి ఉంటే కొన్నాళ్లకు రంగు వెలిసి పెళుసవుతుంది. ఆ తర్వాత కింద పెట్టినప్పుడు అడుగు మూలల్లో సన్నని చీలికలు వస్తాయి. కొనేటప్పుడు మూత తీసి లోపలికి చూడాలి. మూలల దగ్గర గోడ మిగతా చోట్ల ఉన్నంత మందంగానే ఉందా, మూత కింద రబ్బరు రింగు ఉందా, నీళ్లు పోసే నోట్లో లోతైన జల్లెడ ఉందా అన్నవి అక్కడే తెలిసిపోతాయి.

మూత సంగతి చిన్నది కాదు. కారే మూత నుంచి మందు నేరుగా వీపు మీదికి, నడుము మీదికి దిగుతుంది. తడిసిన చొక్కాతో పూట పూటంతా పని చేస్తే ఆ మందు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు విషప్రభావానికి గురై 20 మందికి పైగా చనిపోయారు. ఏపుగా పెరిగిన పత్తి చేలో, రక్షణ దుస్తులు లేకుండా మందు కొట్టడం ఆ విషాదానికి ఒక కారణం. అందుకే దుకాణంలోనే మంచినీళ్లు నింపించి, మూత బిగించి, పంపును ముందుకు వంచి చూడాలి. మూత దగ్గర ఒక్క చుక్క కారినా ఆ పంపును పక్కన పెట్టేయాలి.

ఇక నాజిల్. పంపు ఒకటే అయినా పనిని బట్టి నాజిల్ మారాలి. పురుగుమందులకు, తెగుళ్ల మందులకు సన్నని తుంపరలు కావాలి. వాటికి మధ్యలో బోలుగా, గొడుగులా పడే కోన్ నాజిల్ వాడతారు. మిరపలో తామర పురుగులు, నల్లి ఆకు అడుగున ఉంటాయి కాబట్టి గన్ను చివర కొంచెం వంగి, నాజిల్ పైకి తిరిగేలా ఉండాలి. వరిలో సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది. చేను పైపైన తడిపితే మందు వృథా అవుతుంది తప్ప దోమకు తగలదు. పాయలు తీసి మొదళ్లు తడిసేలా కొట్టాలి. కలుపు మందుకు మాత్రం సన్నని తుంపర పనికిరాదు, గాలికి పక్క చేలోకి కొట్టుకుపోతుంది. దానికి ఫ్లడ్‌జెట్ గానీ ఫ్లాట్ ఫ్యాన్ గానీ బిగించి, తక్కువ ఒత్తిడితో పెద్ద చుక్కలు పడేలా కొడతారు. ఎత్తయిన మామిడి చెట్టుకైతే వీపు పంపు అందదు. దానికి కాలితో తొక్కే పంపు గానీ ట్రాక్టరుకు తగిలించేది గానీ కావాలి.

నాజిల్ అరుగుతుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు. ఇత్తడి మెత్తని లోహం. నీళ్లలో కలిపే పొడి మందులు దాని రంధ్రాన్ని ఇసుకలా రాపాడి పెద్దది చేస్తాయి. స్టీలు అంతకంటే ఆగుతుంది, పింగాణీ అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆగుతుంది. అరిగిందో లేదో తెలుసుకోవడానికి కొత్తగా ఉన్నప్పుడే ఒక నిమిషం పాటు కొలత జాడీలోకి కొట్టి, ఎంత వచ్చిందో ట్యాంకు మీద పెన్నుతో రాసుకోవాలి. అప్పుడు 600 మిల్లీలీటర్లు వచ్చిందనుకుంటే, తర్వాత ఎప్పుడైనా 660 వచ్చిందంటే నాజిల్ మార్చే సమయం వచ్చినట్టే. రంధ్రం మూసుకుపోతే గుండుసూదితోనో తీగతోనో పొడవకూడదు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాలి. నోటితో ఊదడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నాజిల్, నడక వేగం కలిసి మందు మోతాదును ఎలా తారుమారు చేస్తాయో ఒక లెక్కలో చూద్దాం. ఒక పత్తి రైతు కొన్న మందు సీసా మీద ఎకరాకు 400 మిల్లీలీటర్లు అని ఉంది. చేతి పంపుతో ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడతాయని విని, అంటే పన్నెండున్నర ట్యాంకులు కాబట్టి, ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు కలుపుతాడు. ఇప్పుడు ఐదు సెంట్ల నేల కొలుద్దాం. తెలంగాణ లెక్కలో అది రెండు గుంటలు, ఎకరంలో 20వ వంతు. ట్యాంకులో ఒక గుర్తు దాకా మంచినీళ్లు పోసి, ఆ నేల మీద రోజూ నడిచినట్టే నడుస్తూ కొట్టాలి. అయ్యాక మళ్లీ ఆ గుర్తు దాకా నింపడానికి ఏడున్నర లీటర్లు పట్టిందనుకుందాం. 20తో హెచ్చిస్తే ఎకరాకు 150 లీటర్లు. అంటే అతనికి పట్టేవి తొమ్మిది ట్యాంకులు, కొంచెం పైన. ట్యాంకుకు 32 చొప్పున కలిపితే ఎకరం మీద పడింది 300 మిల్లీలీటర్లే, నాలుగో వంతు తగ్గిపోయింది. పురుగు చావలేదని మందును తిట్టి, వారం తిరక్కుండానే ఇంకో మందు కొంటాడు. అతను కలపాల్సింది ట్యాంకుకు 43 మిల్లీలీటర్ల దాకా.

తైవాన్ పంపులతో ఈ పొరపాటు ఇంకా పెద్దదవుతుంది. అవి తక్కువ నీళ్లతో ఎకరం ముగిస్తాయి. నీళ్లు తగ్గినా ఎకరాకు పడాల్సిన మందు తగ్గదు. చేతి పంపుకు ట్యాంకుకు ఎంత కలిపేవారో ఇక్కడా అంతే కలిపితే చేనుకు సగం మందు కూడా చేరదు.

పత్తి రైతులు కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోవడం తప్పనిసరి. వరి, జొన్న చేలలో వాడే 2,4-డి అనే కలుపు మందు అంటే పత్తికి అసలు పడదు. అది కొట్టిన పంపును పైపైన తొలిచి మళ్లీ పత్తికి వాడితే, పైపులోనో వాషర్లలోనో మిగిలిన కాస్తంత మందుకే కొత్త ఆకులు సన్నగా చీలి బెండాకుల్లా తయారవుతాయి. రెండో పంపు కొనే స్తోమత లేకపోతే కనీసం ట్యాంకు, పైపు, నాజిల్ విడదీసి మూడుసార్లు కడిగి, ప్రతిసారీ గన్ను గుండా నీళ్లు బయటికి కొట్టాలి.

చివరికి విడి భాగాలు. చేతి పంపులో ముందుగా పోయేది పిస్టన్ మీద ఉండే వాషర్. నూనె రూపంలో ఉండే మందుల్లోని ద్రావకాలకు నాసిరకం రబ్బరు ఉబ్బిపోతుంది, పొడి మందులకు అరుగుతుంది. ఎంత కొట్టినా లివర్ తేలిగ్గా ఆడుతూ ఒత్తిడి నిలవకపోతే ఆ వాషర్నో వాల్వునో అనుమానించాలి. వదిలేసినా ట్రిగ్గర్ దగ్గర చుక్కలు పడుతుంటే లోపలి చిన్న రింగు పోయినట్టు. అప్పుడు చెయ్యి అంతా మందే అవుతుంది. ఇవన్నీ చిల్లర వస్తువులే. కానీ పేరు ఊరు లేని కంపెనీ పంపైతే దాని వాషర్ వేరే పంపుకు సరిపోదు, దాని గన్ను మర వేరే గన్నుకు ఎక్కదు. ఒక్క రింగు దొరక్క మంచి ట్యాంకు గోడ మేకుకు వేలాడుతుంది.

బ్యాటరీ పంపు కొనేవాళ్లు అడగాల్సింది బ్యాటరీ, ఛార్జరు, మోటారు విడిగా దొరుకుతాయా అని. 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్ల మామూలు బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు సుమారు మూడు గంటలు ఆగుతుంది. అది బజారులో ఎక్కడైనా దొరికే సైజయితే ఇబ్బంది లేదు, ఆ కంపెనీకే ప్రత్యేకమైన ఆకారమైతే మాత్రం ఆలోచించాలి. పంట అయిపోయాక నెలల తరబడి ఛార్జింగ్ పెట్టకుండా అటక మీద పడేస్తే ఈ సీసపు బ్యాటరీలు మళ్లీ కోలుకోవు. వాడకపోయినా నెలకోసారి ఛార్జ్ చేయాలి.

అందుకే దుకాణంలో పంపును చేతిలోకి తీసుకోకముందే ఈ మోడల్‌కు వాషర్ల సెట్టు, ట్రిగ్గరు, రెండు రకాల నాజిళ్లు ఉన్నాయా అని అడగాలి. తెప్పిస్తామన్న మాట చాలదు, చూపించమనాలి. చూపిస్తే పంపుతో పాటే ఒక వాషర్ల సెట్టు కొని ఇంట్లో పెట్టుకోవాలి. పాత పంపు ఉన్నవాళ్లు విత్తనం వేయకముందే దాన్ని దించి మంచినీళ్లతో కొట్టి చూసుకోండి. జూన్‌లో తీరిగ్గా దొరికే వాషర్ కోసం ఆగస్టులో, చేనంతా పురుగు కమ్మిన వారంలో, ఊళ్లన్నీ తిరగాల్సి వస్తుంది.